తూకం వేయని చెత్తకు ఇరవై ఏళ్ల హామీ

దక్షిణ తెలంగాణలో వేగంగా పెరుగుతున్న ఒక పట్టణం కొత్త డంపింగ్ యార్డు కోసం వేసిన లెక్క ఇది. పేరు రాయడం లేదు, అంకెలను గుండ్రం చేశాం. మనిషికి రోజుకు 300 గ్రాముల చెత్త. జనం 2 లక్షలు. అంటే రోజుకు 60 టన్నులు. అందులో 80 శాతం ఎరువుకు, రీసైక్లింగ్‌కు పోతుంది, 20 శాతమే పూడ్చాలి, కాబట్టి అడిగిన స్థలం ఇరవై ఏళ్లకు సరిపోతుంది. కాగితం మీద అన్నీ కుదిరాయి. లేనిది ఒక్క కాంటా చిట్టీ. ఆ 300 గ్రాములను ఎవరూ, ఎక్కడా తూచలేదు.

మరి ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2016 మాన్యువల్ చిన్న పట్టణాలకు 200 నుంచి 300 గ్రాములు, మధ్యస్థ నగరాలకు 300 నుంచి 400 గ్రాములు అని ఒక అంచనా ఇస్తుంది. సొంతంగా తూచి లెక్క కట్టుకోమని కూడా అదే మాన్యువల్ చెబుతుంది. రెండో మాట వదిలేసి మొదటి మాట మాత్రం ఎత్తి రాసుకున్నారు. సిబ్బంది తక్కువ, తూకానికి టైమ్ లేదు అన్నది అధికారుల వాదన. సిబ్బంది కొరత నిజమే. కానీ ఒక విడత తూకానికి కావాల్సింది ఒక స్ప్రింగ్ కాటా, నలుగురు మనుషులు, ఎనిమిది రోజులు.

ఆ పని ఎలా చేయాలో ఈ రంగంలో ఉన్నవాళ్లకు తెలిసిందే. బస్తీలో కొన్ని ఇళ్లు, కొత్త కాలనీలో కొన్ని, పాత బజారులో కొన్ని ఎంచుకోవాలి. మొదటి రోజు సంచిలో అంతకుముందు పోగైన చెత్త కూడా ఉంటుంది కనుక ఆ తూకాన్ని పక్కన పెట్టాలి. తర్వాత ఏడు రోజులు వరుసగా తూచి, ఆ రోజు ఇంట్లో నిజంగా ఎంతమంది ఉన్నారో అడిగి భాగించాలి. ఇదంతా ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి చేయాలి. తడిసిన చెత్త బరువు వేరు, బత్తాయి సీజన్ వేరు, బతుకమ్మ వారం వేరు.

ఇళ్లతో పని అయిపోదు. కూరగాయల మార్కెట్, హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, రోడ్లు ఊడ్చిన చెత్త విడిగా తూచాలి. ఉదాహరణకు ఇళ్లలో మనిషికి 250 గ్రాములు తేలిందనుకుందాం. 2 లక్షల మందికి 50 టన్నులు. మార్కెట్, హోటళ్లు, రోడ్ల నుంచి ఇంకో 30 టన్నులు. మొత్తం 80. అప్పుడు మనిషి వాటా 300 గ్రాములు కాదు, 400.

యార్డు గేటు దగ్గర బరువు చూస్తున్నాం కదా అనే సమాధానం చాలదు. చాలాచోట్ల అక్కడ చూసేది బరువు కాదు, ట్రిప్పులు. ఆటో ఎన్నిసార్లు వచ్చిందో రాసుకుని, ఒక్కో ట్రిప్పుకు ఇంత అని గుణిస్తారు. అదే ఆటోలో అరటి గెలలు, తడి కూరగాయలు ఉంటే ఒక బరువు, ఖాళీ అట్టపెట్టెలు, కవర్లు ఉంటే మరో బరువు. నిజంగా వేబ్రిడ్జి ఎక్కించినా అది చెప్పేది యార్డుకు చేరిన చెత్త ఎంతో మాత్రమే. ఇళ్లు, బజార్ల లెక్క 80 టన్నులు ఉండి గేటు కాంటా 62 చూపిస్తే, మధ్యలో 18 టన్నులు పోయాయి. కొంత పాత సామాన్ల వాళ్లకు పోయి ఉంటుంది. మిగతాది నాలాలో, ఖాళీ ప్లాటులో, రోడ్డు పక్క మంటలో ఉంది. ఆ 62ను ఊరి జనాభాతో భాగించి 'మా ఊళ్లో చెత్త తక్కువ' అంటే, వదిలేసిన చెత్తను లేని చెత్తగా రాసినట్టే.

భాగించే జనాభా మాటకొస్తే, చేతిలో ఉన్న పూర్తి లెక్క 2011 నాటిది. ఆ తర్వాత ఊరి చుట్టూ వెంచర్లు వచ్చాయి, గ్రామాలు పట్టణాల్లో కలిశాయి. బరువు నేటిది, జనం 2011 నాటివాళ్లు అయితే వచ్చే గ్రాములకు అర్థం ఉండదు.

ఇప్పుడు ఇరవై ఏళ్ల సంగతి చూద్దాం. 60 టన్నుల్లో 20 శాతం అంటే రోజుకు 12 టన్నులు. దాన్ని 365తో, ఇరవైతో గుణించి 87,600 టన్నులకు స్థలం అడిగారు. అంటే ఇరవయ్యో ఏడు కూడా ఊరు ఇవాళ్టి అంతే ఉంటుందని రాశారు! పెరుగుతున్న పట్టణం కాబట్టే యార్డు కావాలంటున్న ఫైలులోనే పట్టణం పెరగదట. జనాభా ఏటా రెండున్నర శాతం, మనిషి చెత్త ఏటా 1.3 శాతం పెరుగుతుందని వేసుకున్నా అదే స్థలం పదిహేనేళ్లకు నిండుతుంది. మనిషికి 400 గ్రాములైతే పన్నెండేళ్లు. ఇక తడి, పొడి వేరు కాక ఆ రోజువారీ 80 టన్నుల్లో 80 శాతానికి బదులు సగమే ప్రాసెస్ అయితే, పూడ్చేది మొదటి రోజు నుంచే 40 టన్నులు. యార్డు ఐదున్నరేళ్లలో నిండిపోతుంది.

ఇంకొకటి ఉంది. ఘనపు మీటరుకు 0.85 టన్ను పడుతుందని లెక్క వేస్తారు. పొరలు పొరలుగా పరిచి, యంత్రంతో తొక్కించి, రోజూ మట్టి కప్పితేనే ఆ సాంద్రత వస్తుంది. లారీ ఒంపేసి వెళ్లిపోతే అర టన్ను పడితే గొప్ప. అప్పుడు ఐదున్నర కాదు, మూడున్నరేళ్లు.

2016 ఘన వ్యర్థాల నిబంధనలు ల్యాండ్‌ఫిల్ స్థలం కనీసం 20 నుంచి 25 ఏళ్లకు సరిపోవాలన్నాయి. ఇళ్లకు, చెరువుకు 200 మీటర్ల దూరంలో ఉండాలన్నాయి. స్థలం అయిదేళ్లకే నిండితే ఆ దూరాలన్నీ కాగితానికే మిగులుతాయి. గుట్ట పక్కకు జరుగుతుంది, మురుగు కిందున్న కుంటలోకి దిగుతుంది. నేల కింద గ్రానైట్ పగుళ్లలోనే నీళ్లు దొరికే ప్రాంతం మనది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన జిల్లాలో మిగిలిన బావులను కూడా పణంగా పెట్టడానికి ఎవరికీ హక్కు లేదు.

మా అసలు భయం ఈ ఒక్క పట్టణం గురించి కాదు. తూకం లేని ఈ 300 గ్రాములు ఒకసారి ఆమోదం పొందితే పక్క మున్సిపాలిటీ ఫైలులోకి అదే అంకె ఎక్కుతుంది. 'ఫలానా పట్టణంలో ఒప్పుకున్నారు కదా' అన్నదే దానికి ఆధారమవుతుంది. ఆ తర్వాత నల్గొండ నుంచి నారాయణపేట దాకా ప్రతి ఊరూ ఎవరూ తూచని అదే చెత్త మీద భూమి సేకరిస్తుంది. మొదటి ఫైలు దగ్గర ఆపకపోతే పదో ఫైలు దగ్గర ఎవరూ ఆపలేరు.

కౌన్సిలర్లు ఈ అంకెను చదవకుండా చేయి ఎత్తకూడదు. ఎన్ని ఇళ్లలో తూచారు, ఏ నెలలో తూచారు, గేటు కాంటా చిట్టీలు ఏవి, ప్రాసెసింగ్ 80 శాతం అన్నది ఇప్పుడు జరుగుతున్నదా, జరుగుతుందన్న ఆశా? ఈ నాలుగూ అడగడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. జవాబు లేకపోతే ఫైలు వెనక్కి పంపండి. పంపకుండా సంతకం పెట్టినవాళ్లు, యార్డు పక్క ఊరికి వెళ్లి 'ఇరవై ఏళ్ల దాకా మీ వైపు ఇంకో ఎకరం అడగం' అని గ్రామసభలో నిలబడి చెప్పగలరా?