మంత్రికి వేసింది టీకానా, ప్లాసిబోనా?

2020 డిసెంబర్ 5న హర్యానా ఆరోగ్య మంత్రి అనిల్ విజ్ తనకు కరోనా పాజిటివ్ వచ్చిందని ట్విట్టర్‌లో ప్రకటించారు. అంతకు పదిహేను రోజుల ముందు, నవంబర్ 20న, కోవాగ్జిన్ మూడో దశ ట్రయల్‌లో వాలంటీరుగా ఆయన అంబాలాలో ఒక డోసు వేయించుకున్నారు. ఇంకేముంది, టీకా వేసుకున్న మంత్రికే కరోనా వచ్చిందన్న వార్త దేశమంతా తిరిగింది. హైదరాబాద్‌లో తయారవుతున్న టీకా కాబట్టి ఆ వార్త మనకు మరింత దగ్గరగా తగిలింది. ఆ వార్తలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆయనకు వేసింది టీకాయేనా అన్నది ఆయనకూ తెలియదు, వేసిన నర్సుకూ తెలియదు, పక్కనున్న డాక్టర్‌కూ తెలియదు.

కోవాగ్జిన్ మూడో దశలో చేరిన 25,798 మందిని రెండు సమాన గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు టీకా, రెండో గుంపుకు ప్లాసిబో. ప్లాసిబో అంటే చూడ్డానికి అచ్చం మందులాగే ఉండి, పరీక్షిస్తున్న మందు మాత్రం లేనిది. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో డాక్టర్ ఎంచుకోడు, వాలంటీరు కోరుకోడు. కంప్యూటర్ ముందే లాటరీ పద్ధతిలో తయారుచేసిన జాబితా ప్రకారం జరుగుతుంది. సీసా మీద ఉండేది కోడ్ నంబర్ మాత్రమే. వేయించుకున్నవాళ్లకూ, వేసి పరిశీలించేవాళ్లకూ, ఇద్దరికీ లోపల ఏముందో తెలియదు కాబట్టే దీన్ని డబుల్ బ్లైండ్ అంటారు.

మంత్రి విషయంలో ఇంకో మాట కూడా ఉంది. ఈ టీకా రెండు డోసుల టీకా. మధ్యలో 28 రోజుల విరామం ఉంటుంది. రెండో డోసు పడ్డాక మరో 14 రోజులు గడిచిన తర్వాత జబ్బు పడినవాళ్లనే ట్రయల్ ప్రధాన లెక్కలోకి తీసుకుంటారు, ఎందుకంటే శరీరంలో రక్షణ తయారవడానికి ఆ సమయం కావాలి. మొదటి డోసు తర్వాత పదిహేను రోజులకే పాజిటివ్ వచ్చిన వ్యక్తి, టీకా గుంపులో ఉన్నా ప్లాసిబో గుంపులో ఉన్నా, ఆ లెక్కలోకే రాడు. అంటే ఆ వార్త టీకా పనిచేస్తుందని గానీ చేయదని గానీ చెప్పే వార్త కానే కాదు.

మరి చెప్పేదేమిటి? రెండు గుంపుల మధ్య తేడా ఒక్కటే. 2021 నవంబర్‌లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన ఫలితాలు చూడండి. లక్షణాలతో కరోనా వచ్చి, పరీక్షలో నిర్ధారణ అయినవాళ్లు మొత్తం 130 మంది. కోడ్ విప్పి చూస్తే వాళ్లలో టీకా గుంపువాళ్లు 24 మంది, ప్లాసిబో గుంపువాళ్లు 106 మంది. లెక్కలోకి తీసుకున్న వాలంటీర్లు అటు 8,471, ఇటు 8,502. గుంపులు దాదాపు సమానం కాబట్టి లెక్క సులువు. టీకా లేకపోతే ఆ గుంపులోనూ సుమారు 106 మందికి వచ్చేది, వచ్చింది 24 మందికే. తగ్గింది 82. 82ను 106తో భాగిస్తే 77 శాతం పైచిలుకు. ఎవరు ఎన్ని రోజులు పరిశీలనలో ఉన్నారో కూడా కలిపి లెక్కగట్టి పరిశోధకులు ఇచ్చిన అంకె 77.8 శాతం. టీకా వేసుకున్న ప్రతి వందమందిలో 22 మందికి కరోనా వస్తుందని దీన్ని చాలామంది అర్థం చేసుకున్నారు. అది పొరపాటు. టీకా గుంపులో జబ్బుపడింది వెయ్యికి ముగ్గురే.

ఇక్కడ ప్లాసిబో గుంపును తీసేస్తే ఏం మిగులుతుంది? 8,471 మందిలో 24 మందికి వచ్చింది అన్న ఒక్క వాక్యం. అది మంచి ఫలితమా, ఆ నెలల్లో ఆ ఊళ్లలో కరోనాయే తక్కువగా ఉందా అన్నది చెప్పలేం. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం జనం పోటెత్తినప్పుడు జరిగింది ఇదే. వేసుకున్నాక తగ్గిందని చాలామంది నిజాయితీగానే చెప్పారు. కానీ కరోనా సోకినవాళ్లలో అత్యధికులకు ఏ మందూ లేకపోయినా తగ్గిపోతుంది. మందు వేసుకోని అలాంటి మరో గుంపును పక్కన పెట్టి చూడనిదే, తగ్గించింది మందా, కాలమా అన్నది ఎవరూ తేల్చలేరు. ఆ మందును తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఏ పెద్ద కంపెనీ మందుకైనా ఇదే ప్రశ్న వేయాలి.

సరే, ప్లాసిబో ఉంటే చాలదా, అందరి కళ్లకూ గంతలు ఎందుకు అనిపించవచ్చు. తనకు అసలు టీకా పడిందని తెలిసిన మనిషి ధైర్యంగా పెళ్లిళ్లకు వెళ్తాడు, మాస్కు తీసేస్తాడు. కాస్త దగ్గు వస్తే జలుబేలే అనుకుని ట్రయల్ కేంద్రానికి ఫోన్ చేయడు. ప్లాసిబో పడిందని తెలిసినవాడు చిన్న తుమ్ముకే పరీక్షకు పరిగెత్తుతాడు. అప్పుడు 24, 106 అన్న అంకెలు టీకా బలాన్ని కాకుండా మనుషుల ప్రవర్తనను కొలుస్తాయి. డాక్టర్లూ దీనికి అతీతులు కారు. టీకా మీద నమ్మకమున్న డాక్టర్, టీకా గుంపు మనిషి చెప్పిన నీరసాన్ని తెలియకుండానే తేలికగా తీసుకుంటాడు. నొప్పి, నిద్ర, ఆందోళన లాంటివాటికి ఇచ్చే మందుల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ, అక్కడ కొలత రోగి చెప్పే మాటే కాబట్టి. మరణాల లెక్కలో ప్రమాదం తక్కువ.

అలాగని ఎవరూ చూడకుండా వదిలేయరు. ట్రయల్ నడిపేవాళ్లతో సంబంధం లేని భద్రతా కమిటీ ఒకటి మధ్యమధ్యలో వివరాలు పరిశీలిస్తుంది. ఎవరికైనా తీవ్రమైన సమస్య వచ్చి, చికిత్సకు అవసరమైతే ఆ ఒక్కరి కోడ్ విప్పుతారు.

దుష్ప్రభావాల అంకెల దగ్గర మాత్రం పాఠకులు ఇంకాస్త ఆగాలి. ఈ ట్రయల్‌లో ఏదో ఒక ఇబ్బంది చెప్పినవాళ్లు రెండు గుంపుల్లోనూ 12.4 శాతమే. దీన్ని చూసి టీకాతో అదనపు ఇబ్బంది ఏమీ లేదని రాసేయవచ్చు. అయితే ఈ ప్లాసిబో ఉత్త ఉప్పునీరు కాదు. టీకాల్లో వాడే ఆలమ్ అనే అల్యూమినియం పదార్థం అందులో ఉంది, టీకాలో ఉండే చంపిన వైరస్ మాత్రం లేదు. అలా కలపడానికి కారణముంది. ఉత్త ఉప్పునీరైతే చెయ్యి నొప్పి పుట్టినవాడు తనకు పడింది టీకాయేనని పట్టేస్తాడు, అక్కడితో బ్లైండ్ పోతుంది. కానీ ఆలమ్ కూడా సూది వేసిన చోట నొప్పి, వాపు తెప్పించగలదు. కాబట్టి ఆ సమాన అంకెలు చెప్పేది ఆలమ్‌కు మించి టీకాలో ఉన్నవాటి వల్ల అదనపు ఇబ్బంది కనిపించలేదని. ఏ టీకా వేసుకోకపోవడంతో పోల్చితే ఎంత ఇబ్బంది అన్న ప్రశ్నకు అవి పూర్తి జవాబు కావు. ప్లాసిబోలో ఏముందో చెప్పని వార్తలో దుష్ప్రభావాల పోలిక సగమే అర్థమవుతుంది.

డబుల్ బ్లైండ్ ఎప్పటికీ నిలిచేదీ కాదు. 2021 జనవరి 3న కోవాగ్జిన్‌కు అత్యవసర అనుమతి వచ్చింది. బయట టీకా దొరికే రోజులు వచ్చాక, ప్లాసిబో పడి ఉండొచ్చన్న అనుమానంతో మనిషిని అలాగే ఉంచేయడం న్యాయం కాదు. ప్రపంచంలో చాలా కోవిడ్ టీకాల ట్రయల్స్‌లో ప్లాసిబో గుంపుకూ తర్వాత టీకా ఇవ్వజూపారు, ఇవ్వాలి కూడా. అయితే ఆ గుంపు టీకా వేసుకున్న రోజు నుంచి పోల్చడానికి ఎవరూ మిగలరు. అందుకే టీకా రక్షణ ఏడాది తర్వాత ఎంత ఉంటుందన్న ప్రశ్నకు వచ్చిన అంకెల్లో చాలావరకు ఇలాంటి ట్రయల్స్ నుంచి వచ్చినవి కావు. టీకా వేసుకున్నవాళ్లనూ వేసుకోనివాళ్లనూ బయటి జనంలో పోల్చి చూసిన అధ్యయనాల నుంచి వచ్చాయి. అక్కడ లాటరీ లేదు, కోడ్ లేదు, వేసుకున్నవాళ్లు మొదటి నుంచీ ఎక్కువ జాగ్రత్తపరులై ఉండవచ్చు. రెండు రకాల అంకెలూ వార్తల్లో ఒకే శాతం గుర్తుతో వస్తాయి, కాబట్టి ఏది ఎక్కడి నుంచి వచ్చిందో వార్త రాసేవాళ్లే చెప్పాలి.