నాలుగో పేరాలో ఉండిపోయిన 8 లక్షలు

సీనియర్ అకౌంటెంట్ ఉద్యోగానికి రాసిన ఒక కవర్ లెటర్‌ను ఊహించుకుందాం. మొదటి పేరాలో ప్రకటన చూసిన సంగతి, కష్టపడే తత్వం. రెండులో బీకాం, మూడులో పాత కంపెనీలు. నాలుగో పేరా మధ్యలో ఈ వాక్యం: ‘అక్కడే జీఎస్టీ పనులు కూడా చూశాను, ఆగిపోయిన క్రెడిట్ చాలావరకు తిరిగొచ్చింది.’

ఇక్కడ క్రెడిట్ అంటే కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీలో కంపెనీ తన పన్ను నుంచి తగ్గించుకోగల సొమ్ము. ఉద్యోగం తెచ్చిపెట్టగల వాక్యం ఆ లేఖలో అదొక్కటే. చదివేవాళ్లు అక్కడిదాకా వస్తారన్న నమ్మకం లేదు. బడిలో నేర్చుకున్న సెలవు చీటీ పద్ధతే దీనికి కారణమనిపిస్తుంది: ముందు నేనెవరో చెప్పుకోవాలి, అసలు విషయం తర్వాత.

పైకి తేవాల్సిన వాక్యాన్ని ఎంచుకునేటప్పుడు ప్రకటనను పక్కన పెట్టుకోవాలి. ఈ అభ్యర్థి 140 మంది జీతాల లెక్కలూ చూసి ఉండొచ్చు. అంకె పెద్దదే, కానీ ప్రకటన మొదట అడిగింది జీఎస్టీ రీకన్సిలియేషన్, అంటే పన్ను లెక్కలను కంపెనీ పుస్తకాలతో సరిచూడటం. కాబట్టి క్రెడిట్ సంగతే ముందుకు రావాలి.

అలాగని ఉన్న వాక్యాన్ని కత్తిరించి పైన అతికిస్తే కుదరదు. ‘అక్కడే’ అంటే ఎక్కడ? ‘తిరిగొచ్చింది’ సరే, తెచ్చిందెవరు? ‘చాలావరకు’ అంటే ఎంత? వీటికి జవాబులు రాసుకుంటే కొత్త ఆరంభం ఇలా వస్తుంది:

‘నెలనెలా జీఎస్టీఆర్-2బిని కొనుగోళ్ల రిజిస్టర్‌తో సరిచూసి, ఇన్వాయిస్‌లు చూపని 37 మంది సరఫరాదారుల వెంటపడి రిటర్నులు వేయించాను. ఆగిపోయిన 11 లక్షల ఇన్‌పుట్ క్రెడిట్‌లో 8 లక్షలు ఆరు నెలల్లో మా కంపెనీకి దక్కింది. మీ సీనియర్ అకౌంటెంట్ పోస్టుకు ఈ అనుభవంతో దరఖాస్తు చేస్తున్నాను.’

ఇందులో 11 లేకపోతే 8కి కొలత లేదు. పోస్టు పేరున్న మూడో వాక్యం లేకపోతే అది గొప్పలు చెప్పుకున్నట్టే ఉంటుంది.

రెండో పేరాలో ఆ పని ఎలా జరిగిందో చెప్పాలి. సరఫరాదారులు చూపిన ఇన్వాయిస్‌ల పట్టిక 2బి ప్రతి నెలా 14న వస్తుంది, కంపెనీ వేయాల్సిన నెలవారీ పన్ను రిటర్ను 3బి గడువు 20. ఆ ఆరు రోజుల్లో తేడాల జాబితా తీసి ఎవరికి ముందు ఫోన్ చేసేవారో రాస్తే, పని తెలిసిన మనిషని చదివేవారికి అర్థమవుతుంది. చదువు, పాత కంపెనీలు కలిపి రెండు వాక్యాలు చాలు. మిగతాది రెజ్యూమెలో ఉంటుంది. నాలుగో పేరాలోని పాత వాక్యాన్ని తీసేయడం మాత్రం చాలామంది మరిచిపోతారు. అదే సంగతి రెండోసారి, అదీ బలహీనంగా కనిపిస్తే పైన చెప్పినదాని మీదా అనుమానం వస్తుంది.

పని నలుగురిదైతే ‘చేశాను’ అనకూడదు. ‘ముగ్గురితో కలిసి చేశాను, సరఫరాదారులతో మాట్లాడే బాధ్యత నాది’ అని రాయాలి. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దీని మీదే పడుతుంది. కంపెనీ రూపాయల లెక్క బయటపెట్టకూడనిదైతే, ‘ఆగిపోయిన క్రెడిట్‌లో దాదాపు నాలుగింట మూడొంతులు’ అని రాసుకోవచ్చు.