కాపో మీద ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

"కాపో చేతకానివాళ్ల ఊతకర్ర. అది పెడితే శ్రుతి పోతుంది. సింగర్‌కి పై స్వరాలు అందకపోతే సాధన చేయించండి, పాట కీ మాత్రం మార్చొద్దు. కాపోకి అలవాటుపడ్డవాడికి తను ఏ కీలో వాయిస్తున్నాడో కూడా తెలీదు."

ఈ వారంలో ఇది నాకు పంపినవాళ్లు నలుగురు. అందులో ఇద్దరికి గిటారే లేదు.

కాపో అంటే గిటారు మెడ మీద, ఫ్రెట్ అనే అడ్డకడ్డీ దగ్గర తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు. దాన్ని ఊతకర్ర అన్నారు, అనుకోండి.

శ్రుతి పోయేది వంకరగా బిగిస్తే. ఫ్రెట్ వెనకాలే ఆనించి తిన్నగా పెట్టి, ఒకసారి ట్యూనర్ చూసుకోండి. పెట్టాక తీగలు కొంచెం పైకి పోతాయి, సవరించుకోవాలి. అరనిమిషం పని.

అసలు ఒళ్లు మండేది మూడోదానికి. మా పిన్ని కూతురి కోసం జిలో, అంటే ఐదు శ్రుతిలో ఒక పాట కట్టాను. జి, ఇ మైనర్, సి, డి. అరిగిపోయిన నాలుగు కార్డులే. చరణంలో ట్యూన్ పంచమానికి, అంటే డికి ఎక్కుతుంది. ఆ అమ్మాయి గొంతు బి దాకా హాయిగా పోతుంది, ఆపైన మెడ నరాలు తేలతాయి. ఇలాంటి మేధావుల మాట విని పది రోజులు సాధన చేయించాను. పదకొండో రోజు మాట్లాడటానికే గొంతు రాలేదు. కీ మార్చొద్దట! అదేమన్నా తాతల నాటి పొలమా, గట్టు జరిపితే కేసు పెట్టడానికి?

డి నుంచి బికి మూడు ఫ్రెట్లు. కాబట్టి పాట కూడా అంతే దిగాలి, జి నుంచి ఇకి, మూడు శ్రుతికి. కాపో పైకి తీసుకెళ్తుందే గానీ కిందికి దించదు. జి షేపులతోనే, అంటే జిలో వేళ్లు పట్టే తీరు మార్చకుండానే ఇ కావాలంటే తొమ్మిదో ఫ్రెట్‌లో పెట్టాలి, అక్కడ వేళ్లకి చోటుండదు, గిటారు బొమ్మ గిటారులా పలుకుతుంది. అందుకే షేపులే మార్చాను. రెండో ఫ్రెట్‌లో కాపో పెట్టి డి, బి మైనర్, జి, ఎ. బారే, అంటే ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా అదిమిపట్టడం, ఒక్క బి మైనర్ దగ్గరే. కాపో లేకుండా ఇలో వాయిస్తే రెండు చోట్ల పట్టాలి.

నష్టం లేదనను. డి షేపులో లావు తీగలు రెండూ మీటం కాబట్టి జిలో ఉన్న నిండుదనం తగ్గింది. నాలుగో ఫ్రెట్‌లో సి షేపులూ చూశాను, మరీ పలచగా ఉంది. కానీ డి పట్టినప్పుడు ఖాళీగా ఉండే చిటికెన వేలు మొదటి తీగ మీద పడి లేస్తుంటే, పల్లవికి ముందు చిన్న బిట్ దానంతటదే వచ్చింది. కింది కొస కూడా చూసుకోవాలి. పల్లవి మొదలు ఇప్పుడు మంద్రంలో బికి దిగింది. తనకి పలికింది. పలకకపోతే కాపోని మూడుకి జరిపి, చరణం ట్యూన్‌ని ఒక మెట్టు తగ్గించేవాణ్ణి.

నాలుగోది మాత్రం నిజం, ఒప్పుకుంటున్నా. రిహార్సల్‌లో కీబోర్డ్ అన్న "ఏ కీ తమ్ముడూ?" అంటే నా వేళ్లు చూసుకుని "డి" అన్నాను. ఆయన డి అందుకున్నాడు. మా చెల్లి మైకు దించేసి నావైపు ఒక చూపు చూసింది. ఇప్పుడు కాపో మీద ప్లాస్టర్ ముక్క అంటించి పెన్నుతో రాసుకున్నా: "రెండులో డి పడితే ఇ."