బ్రాకెట్ల పాలన

మా సీనియర్ లాయరు గారు ఆ మెమోరాండంలో ఏం వాదించారో నాకు తెలియదు. తెలుసుకోకూడదు కూడా. వాదన రుచించిన మరుక్షణం కళ్లు అక్షరాన్ని వదిలి అర్థం వెంట పడతాయి. ప్రూఫు చూసేవాడి పతనం అక్కడే మొదలు.

మొన్న కేశవానంద భారతి కేసుకి టైపిస్టు (1973) 4 SCC 252 అని కొట్టాడు, అంటే SCC అనే తీర్పుల రిపోర్టు 1973 నాలుగో సంపుటిలో 252వ పేజీ. అసలుది 225. మామూలు కేసైతే ఆ పేజీ తీయగానే ఇంకెవరిదో గట్టు తగాదా ఎదురై తప్పు దానంతటదే బయటపడేది. ఇదేమో 13 మంది జడ్జీలు విని, వందల పేజీలు నింపిన తీర్పు. 252 తీసినా కేశవానందే కనిపిస్తాడు. "కేసు అదేగా సార్" అన్నాడు టైపిస్టు. నాయనా, పేజీలో ఆ కేసు ఉందా అన్నది కాదు ప్రశ్న, ఆ పేజీలో మొదలైందా అన్నది. ఇదే తీర్పుకి ఇంకో రిపోర్టులో ఉన్న AIR 1973 SC 1461 ని 1641 అని కొట్టినా ఇదే మాయ.

ఇక పేరు. రిపోర్టులో Kesavananda అని ఉంటుంది. మన నోరు 'శ' అంటుంది కాబట్టి వేలు Keshavananda అని కొడుతుంది. కంప్యూటరు దాని కింద ఎర్రగీత గీసింది. గీత చూస్తే టెన్షన్ కాబట్టి మనవాడు ఆ తప్పు స్పెల్లింగునే డిక్షనరీలో చేర్చాడు. అప్పటి నుంచి మా ఆఫీసులో తప్పుకి చట్టబద్ధత వచ్చింది, ఒప్పు రాస్తేనే ఎర్రగీత.

బ్రాకెట్ల కులవ్యవస్థ గురించి ఎక్కువ చెప్పను. SCC లో ఏడాదికి గుండ్రటి బ్రాకెట్, పాత SCR లో చదరపుది, AIR కి అసలు బ్రాకెట్టే లేదు. ఒకరి బట్టలు ఇంకొకరికి తొడగకూడదు, అంతే.

కొటేషన్లది వేరే కథ. వాటికి ఇద్దరు కావాలి. ఒకరు పుస్తకం చూసి కామాలు, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదవాలి, రెండోవారు మెమో మీద వేలు పెట్టి వినాలి. ఒక్కరే చూస్తే మనసు ఉన్నది కాక, ఉండాల్సింది చదువుతుంది. అలా చదువుతుంటే 21వ అధికరణ దగ్గర నా వేలు ఆగింది. రాజ్యాంగంలో 'ఎక్సెప్ట్ అకార్డింగ్ టు ప్రొసీజర్' అని ఉంది. మెమోలో 'ప్రొసీజర్' ముందు ఒక 'ద' వచ్చి కూర్చుంది. "గ్రామర్ బాగుంటుందని వేశాను సార్" అన్నాడు. రాజ్యాంగ సవరణకి పార్లమెంటులో ప్రత్యేక మెజారిటీ కావాలి. మా ఆఫీసులో ఒక వేలు చాలు.

రాత్రి పదకొండుకి చివరి కామా సరిచేసి ఫైలు పైకి పంపాను. పావుగంటలో సీనియర్ గారి ఫోన్. "అద్భుతంగా ఉందయ్యా. చిన్న మార్పు, ఇంకో నాలుగు కేసులు చేర్చాను. పేజీ నంబర్లు గుర్తున్నంత వరకు వేశాను, ఒకసారి చూసేయ్."