బుడగ మధ్యలో ఆగితే రసమట్టం సరైనదేనా?

“రసమట్టాన్ని చదునైన బల్ల మీద పెట్టండి. బుడగ మధ్యలో ఆగితే మట్టం మంచిదే. తిప్పి పెట్టినప్పుడు బుడగ ఎన్ని గీతలు జరిగితే తప్పు అంత. గీతకు మిల్లీమీటరు లెక్క.”

గాజువాక ఆటోనగర్ వర్క్‌షాపుల్లో చేతులు మారుతున్న ఈ సలహాలో మొదటి భాగం నిలవదు. చదును వేరు, సమమట్టం వేరు. వాలుగా ఆనించిన అద్దం కూడా చదునుగానే ఉంటుంది. బల్ల ఒక వైపు రెండు గీతలంత ఎత్తుగా ఉండి, మట్టంలోని గాజు గొట్టం అంతే మేరకు ఎదురు దిశలో తప్పి కూర్చుంటే, ఆ రెండు దోషాలూ ఒకదాన్నొకటి కప్పివేసి బుడగను మధ్యలోనే నిలబెడతాయి.

తిప్పి చూడమనడం సరైన మాటే, లెక్క మాత్రం తప్పు. లేత్ బెడ్ మీద మట్టాన్ని పెట్టినప్పుడు బుడగ మధ్య నుంచి హెడ్‌స్టాక్ వైపు మూడు గీతలు జరిగిందనుకుందాం. సుద్దతో గుర్తు పెట్టుకున్న అదే చోట మట్టాన్ని కొసలు తారుమారయ్యేలా తిప్పి పెడితే, బుడగ టెయిల్‌స్టాక్ వైపు ఒక గీత దగ్గర ఆగింది. మొత్తం కదలిక నాలుగు గీతలు. తిప్పినప్పుడు బెడ్ వాలు మారదు, గొట్టం తప్పు మాత్రం దిశ మార్చుకుంటుంది. కాబట్టి ఆ నాలుగింటిలో సగం, అంటే రెండు గీతలే మట్టం దోషం. రెండు ఆగిన చోట్లకూ నడిమి స్థానం హెడ్‌స్టాక్ వైపు ఒక గీత; అదే బెడ్ అసలు వాలు, హెడ్‌స్టాక్ కొస ఎత్తుగా ఉంది. మట్టాన్ని కదపకుండా, సర్దుబాటు స్క్రూతో బుడగను హెడ్‌స్టాక్ వైపు రెండు గీతలు జరిపి, మళ్లీ తిప్పి చూడాలి. నాలుగు గీతలూ స్క్రూతోనే సరిచేసినవారు తప్పును పోగొట్టరు, ఎదురు దిశకు మారుస్తారు.

ఇక గీత విలువ. అది మట్టాన్ని బట్టి మారుతుంది, మీటరు పొడవుకు ఇంత ఎత్తు అని దాని మీదే చెక్కి ఉంటుంది. మీటరుకు 0.02 మి.మీ. అని ఉంటే, గీత ఎడం 2 మి.మీ. అయినప్పుడు గొట్టం లోపలి వంపు 100 మీటర్ల వ్యాసార్ధం గల వలయానిదన్నమాట; చూపుకు అది తిన్నని గొట్టమే. పై లేత్‌లో ఒక గీత వాలంటే మీటరున్నర దూరంలో 0.03 మి.మీ. ఎత్తు తేడా మాత్రమే. చెక్కిన విలువ మీద అనుమానం ఉంటే, మీటరు ఎడంలో ఉన్న రెండు ఆధారాల మీద గట్టి స్ట్రెయిట్‌ఎడ్జ్ ఉంచి, దానిపై మట్టం పెట్టి, ఒక కొస కింద 0.1 మి.మీ. ఫీలర్ ఆకు దూర్చితే బుడగ ఐదు గీతలు కదలాలి.

ఇంత సున్నితమైన మట్టాన్ని విశాఖ ఎండలోంచి తెచ్చి వెంటనే చదవకూడదు. ద్రవం వేడెక్కి వ్యాకోచిస్తే బుడగ పొట్టిదవుతుంది, కాబట్టి ఒక కొసను కాక రెండు కొసలనూ చూసి సగటు తీసుకోవాలి. గొట్టం ఒక చివర మాత్రమే చేతి వేడి తగిలితే బుడగ ఆ వెచ్చని వైపుకే జరుగుతుంది. కదలిక పూర్తిగా ఆగాకే గీతలు లెక్కపెట్టాలి.