టెరికాటన్ చొక్కాకు రెండో జన్మ ఎందుకు దొరకదు

పాత బట్టలు ఏవైనా సరే, దుకాణంలో పెట్టిన సేకరణ డబ్బాలో వేస్తే మళ్లీ కొత్త బట్టలవుతాయన్న అర్థం వచ్చేలా దుకాణాలు చేస్తున్న ప్రచారాన్ని నేను అంగీకరించలేను. పాత బట్ట ఏమవుతుందో తేల్చేది ఆ డబ్బా కాదు, ఆ బట్టలో ఏ పోగులు ఎంతెంత ఉన్నాయన్నది. ఆ సంగతి నూలు మిల్లులోనే తేలిపోతుంది.

మన పిల్లలు బడికి వేసుకెళ్లే టెరికాటన్ చొక్కానే తీసుకుందాం. అందులో తరచుగా కనిపించే పాళ్లు 65 శాతం పాలిస్టర్, 35 శాతం పత్తి. ఇది పాలిస్టర్ దారాన్నీ నూలు దారాన్నీ పక్కపక్కన పేర్చి నేసిన గుడ్డ కాదు. పత్తి పింజ పొడవుకు సరిపోయేలా, సుమారు 38 మిల్లీమీటర్ల ముక్కలుగా కోసిన పాలిస్టర్ పోగులను పత్తి పోగులతో కలిపి, ఆ కలిపిన పాయనే సాగదీసి, పురిపెట్టి దారం తీస్తారు. అందువల్ల ఒక్కొక్క దారాన్ని ఎక్కడ అడ్డంగా కోసి చూసినా తలవెంట్రుక కంటే సన్నని పోగులు నూరు దాకా ఉంటాయి, రెండు రకాలూ అడుగడుగునా కలగలిసి ఉంటాయి. వాటిని విడదీయగల దువ్వెన గానీ జల్లెడ గానీ లేదు.

అచ్చమైన పత్తి గుడ్డకు ఈ చిక్కు లేదు. తిరుప్పూరు బనియన్ కంపెనీల్లో మిగిలే కత్తిరింపు ముక్కలను రంగుల వారీగా వేరుచేసి, ముళ్ల రోలర్ల మధ్య చీల్చి మళ్లీ దూదిగా మారుస్తారు. చీల్చినప్పుడు పోగులు తెగి పొట్టివవుతాయి కాబట్టి వాటికి కొత్త పత్తిని గానీ పాలిస్టర్‌ను గానీ జోడించి, వేగంగా తిరిగే గిన్నెలో పురిపెట్టే ఓపెన్ ఎండ్ పద్ధతిలో లావు నూలు వడుకుతారు. ముక్కలను రంగు ప్రకారం ముందే ఏరుతారు కనుక చాలావరకు కొత్తగా అద్దకం అవసరం ఉండదు. చిరిగిన నూలు చీర బొంతగా మారినా, పాత బనియన్ మెకానిక్ చేతిలో తుడుపుగుడ్డ అయినా, అక్కడ పనికొచ్చేది పత్తికి నీటిని పీల్చుకునే గుణమే. మామూలు గాలిలోనే పత్తి తన బరువులో సుమారు 8 శాతం తేమను పట్టి ఉంచుతుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. అందుకే టెరికాటన్ ముక్క నేల తుడవడానికి కూడా సరిగ్గా పనికిరాదు.

పోనీ, కరిగించి వేరు చేయవచ్చు కదా అంటారు. పాలిస్టర్ సుమారు 260 డిగ్రీల వద్ద కరుగుతుంది, పత్తి మాత్రం ఎంత వేడిచేసినా కరగదు, మాడిపోయి కరిగిన పాలిస్టర్‌లోనే చిక్కుకుంటుంది. మిగిలిన దారి రసాయనాలది. వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో పాలిస్టర్ తన మూల పదార్థాలుగా విడిపోతుంది, పత్తి చాలావరకు నిలుస్తుంది. తరువాత ఆ ద్రావణంలో ఆమ్లం కలిపి, ఆ మూల పదార్థాల్లో ఒకటైన టెరెఫ్తాలిక్ ఆమ్లాన్ని పొడిగా దింపి, వడకట్టి, శుద్ధి చేయాలి. పాలిస్టర్‌కు వేసిన రంగు ఒక జాతిది, పత్తికి వేసినది మరొక జాతిది కాబట్టి రెండింటినీ తొలగించాలి. సాంకేతికంగా ఇదంతా సాధ్యమే. అయితే ఇంత పని చేసి తీసిన పదార్థం, పెట్రోలియం నుంచి చౌకగా వచ్చే కొత్త పాలిస్టర్‌తో ధరలో పోటీపడాలి. పాత పత్తి బట్టల నుంచి కొత్త పోగుల తయారీకి గుజ్జు తీసిన స్వీడన్ సంస్థ రీన్యూసెల్, పత్తి ఎక్కువగా ఉన్న సరుకునే తీసుకున్నా, 2024 ఫిబ్రవరిలో దివాలా తీసింది. మిశ్రమ గుడ్డకు ఈ దారి ఇంకెంత ఇరుకో దీన్నిబట్టి ఊహించవచ్చు.

జీన్సులో కలిపే రెండు శాతం స్పాండెక్స్, అంటే రబ్బరులా సాగే పోగు, నాకు ఇంతకంటే ఎక్కువ ఆగ్రహం తెప్పిస్తుంది. చీల్చే యంత్రంలో పత్తి పోగు తెగుతుంది, స్పాండెక్స్ మాత్రం తెగకుండా సాగి రోలర్లకు చుట్టుకుంటుంది, రాపిడి వేడికి మెత్తబడి ముద్దకడుతుంది. పోగుల రకాన్ని పరారుణ కాంతితో గుర్తించే యంత్రాలు కూడా ఇంత స్వల్ప పాలును తరచుగా పట్టుకోలేవు, నల్లని గుడ్డయితే మరీ కష్టం.

చీటీ ఊడిపోయిన గుడ్డను పరీక్షించాలంటే, అంచు నుంచి పడుగు పోగులు కొన్ని, పేక పోగులు కొన్ని విడివిడిగా లాగి, పటకారుతో పట్టుకుని, నీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని కాల్చి చూడాలి. పత్తి అయితే కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిద మిగులుతుంది. పాలిస్టర్ ముడుచుకుని కరిగి, చల్లారాక గట్టి పూసలా నిలుస్తుంది. మంట కాగితంలా సాగి, బూడిదలో గరుకు పలుకులు వేలికి తగిలితే అది మిశ్రమం. స్పాండెక్స్ రెండు శాతమే ఉంటే ఈ పరీక్షలో తెలియదు, గుడ్డను సాగదీసి చూడాలి.

టెరికాటన్ త్వరగా ఆరుతుంది, నలగదు, ఎక్కువ కాలం మన్నుతుంది. రోజూ ఉతకవలసిన ఇంట్లో అవి చిన్న లాభాలు కావని నాకు తెలుసు. ఆ చొక్కాకు తగిన రెండో జీవితం తమ్ముడి ఒంటి మీదే, గుడ్డ గట్టిగా ఉన్నంతకాలం అలాగే వాడాలి. ఆ తరువాత దాన్ని చీల్చి పరుపుల్లోనో కార్ల లోపలి అస్తరులోనో కూరుతారు, అక్కడి నుంచి మళ్లీ దారం కావడం దాదాపు ఉండదు. అందువల్ల వేల చొక్కాలకు ఒకేసారి గుడ్డ కొనే పాఠశాలలు, ప్రభుత్వ శాఖలు ధరతోపాటు పోగుల పాళ్లను కూడా కొనుగోలు షరతుల్లో రాయాలి. పత్తి కోరుకుంటే కుట్టుదారం కూడా నూలుదే అడగాలి, సాగవలసిన అవసరం లేని ప్యాంటులో స్పాండెక్స్ వద్దని స్పష్టంగా చెప్పాలి.