‘రోగా లడచి’ని అలాగే ఉంచాలి

పాత కీర్తనల పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేసే ప్రతివారికీ ఒకచోట చెయ్యి ఆగుతుంది. ఎదురుగా ఒక మాట ఉంటుంది. ఈ రోజు ఎవరూ ఆ మాట వాడరు. దాన్ని అలాగే ఉంచితే పిల్లలకు అర్థం కాదు. మారిస్తే పాడుకునేవాళ్లకు హాయిగా ఉంటుందేమో అనిపిస్తుంది. ఆలయాల పక్క కొట్లలో దొరికే చిన్న పుస్తకాలు, భజన మండళ్లు పంచే కాగితాలు, సంగీతం నేర్పేవాళ్లు ఫోన్లలో పంపే పాఠాలు, అన్నింటిలోనూ ఈ ప్రశ్నకు ఎవరికి తోచిన జవాబు వాళ్లు ఇచ్చుకుంటున్నారు. ఒకే కీర్తన నాలుగు పుస్తకాల్లో నాలుగు రకాలుగా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

దీన్ని సూత్రాలతో తేల్చడం కష్టం. ఒక్క కీర్తనను దగ్గర పెట్టుకుని చూద్దాం. తాళ్లపాక అన్నమాచార్యుల ‘పొడగంటిమయ్య మిమ్ము పురుషోత్తమా’ అందరికీ తెలిసినదే. 15వ శతాబ్దపు ఈ పాటలో మాటలు చాలావరకు ఇప్పటికీ తేలికే. తేలిక కానివి ఓ పది ఉంటాయేమో. చిక్కంతా ఆ పదితోనే.

పల్లవిలోనే రెండున్నాయి. పొడగనడం అంటే కంటికి కనబడేలా చూడటం, దర్శించుకోవడం. ఎడయడం అంటే దూరం కావడం. ‘మిమ్మల్ని చూశామయ్యా, మమ్మల్ని విడిచిపోకయ్యా’ అని తాత్పర్యం. మరి ‘చూశామయ్య’ అనే అచ్చు వేస్తే ఏం పోతుంది? పల్లవిలోని రెండు పాదాల మొదటి మాటలను ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. పొడగంటిమయ్య, నెడయకవయ్య. రెండింటిలోనూ రెండో అక్షరం ‘డ’. పాదం లోపల కూడా ‘పొడగంటి’లోని పొ, ‘పురుషోత్తమా’లోని పు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. ఒకటి ప్రాస, ఇంకొకటి యతి. ‘చూశామయ్య’ అనగానే రెండూ ఒకేసారి పోతాయి. పాట కట్టుకున్న మొదటి ముడే విడిపోతుంది.

ఇంత పెద్ద మార్పు ఎవరూ చేయరులే అనుకోవచ్చు. నిజమే, నష్టం ఎక్కువగా జరిగేది చిన్న మార్పుల్లోనే. మూడో చరణంలో ‘రోగా లడచి రక్షించే దివ్యౌషధమా’ అని ఉంది. అడచడం అంటే అణచడం. ఇప్పుడు మనం ‘అణచి’ అనే అంటాం, ‘అడచి’ అనం. ప్రూఫులు దిద్దే మనిషికి అది అచ్చు తప్పులా కనిపించడం సహజం. ఒక్క అక్షరం దిద్ది ‘రోగాలు అణచి’ అని విడదీస్తే అర్థం అదే, వినడానికీ బాగానే ఉంటుంది. కానీ ఆ చరణంలోని పాదాల మొదళ్లు చూడండి. చెడనీక, లడచి, బడిబాయక, గడియించినట్టి. నాలుగింటిలోనూ రెండో అక్షరం ‘డ’కారం. ‘అణచి’ వచ్చిందంటే నాలుగు స్తంభాల్లో ఒకటి పక్కకు జరిగినట్టే. ‘రోగాలు’ అనే మాటను రెండుగా విరిచి, ‘రోగా’ను పై పాదంలో ఉంచి, ‘లడచి’తో కింది పాదం మొదలుపెట్టడం కవి కావాలని చేసిన పని. చూడటానికి వికారంగా ఉందని దాన్ని కలిపేస్తే పాదం ఎక్కడ మొదలవుతుందో పాడేవాడికి తెలియకుండా పోతుంది.

కీర్తనను దిద్దబోయే ప్రతివారూ ముందు చేయాల్సిన పని ఇదే. పాదాల మొదటి మాటలను నిలువుగా రాసుకుని రెండో అక్షరాలు సరిచూసుకోవాలి. మొదటి అక్షరం పొడవును కూడా గమనించాలి. మొదటి చరణంలో కోరి, నేరిచి, గారవించి, చేరువ అని నాలుగూ దీర్ఘంతో మొదలవుతాయి. ఎక్కడైనా ‘గరవించి’ అని కనిపిస్తే అది పాఠాంతరమా, అచ్చు తప్పా అని ఊగిసలాడనక్కర్లేదు. ఆ హ్రస్వం అక్కడ పొసగదు. ఐదు నిమిషాల్లో అయిపోయే ఈ పరీక్ష చాలా తప్పులను పట్టిస్తుంది.

అన్నింటినీ పట్టించదు, అదీ చెప్పాలి. అదే ‘గారవించి’ని ఎవరైనా ‘గౌరవించి’గా మార్చారనుకుందాం. రెండో అక్షరం ‘ర’ అలాగే ఉంది, మొదటిది గురువుగానే ఉంది. ‘గారవించి దప్పిదీర్చు కాలమేఘమా’ అనే ఆ పాదంలో యతి ‘కాలమేఘమా’లోని కా దగ్గర పడుతుంది. ఆ, ఔ అచ్చులకు యతిమైత్రి ఉంది గనుక అక్కడా అడ్డు రాదు. పరీక్షలన్నీ దాటేసి తప్పు లోపలికి వచ్చేస్తుంది. పోయేది అర్థం. ఇక్కడ గారవించడంలో ఆదరణ ఉంది, మన గారాబానికి దగ్గరైన ముద్దు ఉంది. దప్పికతో ఉన్నవాడిని దగ్గరకు తీసి నీళ్లిచ్చే మబ్బు దేవుడు. ఆ మబ్బు భక్తుణ్ణి ‘గౌరవించింది’ అంటే ఏదో సన్మాన సభలా ఉంటుంది.

ఆ పై పాదంలోనే ‘నేరిచి పెద్దలిచ్చిన నిధానమా’ అని ఉంది. నిధానం అంటే నిధి, పాతర. పెద్దలు నేర్పుగా కూడబెట్టి మనకు అప్పగించిన సొత్తు. ఒత్తు పోయి ‘నిదానమా’ అని అచ్చయితే, ఈ రోజు చదివేవాడికి తోచేది తొందర లేకపోవడమే. అలాగే ‘బడిబాయక తిరిగే ప్రాణబంధుడా’. పిల్లలు దీన్ని బడి ఎగ్గొట్టకుండా తిరగడం అనుకుంటే తప్పు వాళ్లది కాదు. ‘వెంబడి’లో ఉన్న బడే ఇక్కడి బడి. వెంట వదలకుండా తిరిగే చుట్టం అని అర్థం. అసలు తెలియని మాట కనిపిస్తే పాఠకుడు ఆగి అడుగుతాడు. తెలిసినట్టే ఉండి వేరే అర్థం చెప్పే మాటల దగ్గర ఆగడు. అడుగున వివరణ ముందుగా కావాల్సింది అలాంటి మాటలకే. మన పుస్తకాల్లో సరిగ్గా వాటినే వదిలేస్తున్నారు.

మార్చాలనేవారి వాదాన్ని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. వాళ్లు అడిగే ప్రశ్నల్లో బలమైనది ఒకటుంది. అన్నమయ్య తన కాలపు జనం మాటలో పాడాడు కదా, మన కాలపు మాటలోకి తెస్తే ఆయన దారిలో నడిచినట్టే కదా అంటారు. మొదటి సగం ముమ్మాటికీ నిజం. ఈ ఒక్క పాటలోనే బ్రతికించే, ఇచ్చే, తిరిగే అని వాడుక రూపాలున్నాయి. ‘రోగములు’ అనకుండా ‘రోగాలు’ అన్నాడు. పండితుడైన సంపాదకుడికి వీటిని ‘ఇచ్చెడి’, ‘తిరిగెడి’ అని దిద్దాలన్న కోరిక పుట్టవచ్చు. అదీ ఇంతే తప్పు. పాతదాన్ని కొత్త చేయడం ఎంత చొరవో, పాటలో లేని పాతదనాన్ని పులమడం కూడా అంతే చొరవ. కానీ వాదంలోని రెండో సగం నిలవదు. ఆయన తన కాలపు మాటను ప్రాసలో కట్టాడు. మనం మన మాట పెట్టి ఆ కట్టు విప్పుతున్నాం. మన కాలపు మాటలో పాట కావాలంటే కొత్త పాట రాసుకోవచ్చు, దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

ఇంకో సంగతి ఉంది. తాళ్లపాకవారి కీర్తనలు తిరుమలలో రాగి రేకుల మీద దొరికాయి. వాటి మీద రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. మనం ఈ రోజు పాడే వరుసల్లో ఎక్కువ భాగం 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. వరుసలు గొప్పవే. అయినా అన్నమయ్య నోట ఈ పాట ఎలా పలికిందో వాటిని బట్టి చెప్పలేం. ఆయన నాటి ధ్వనిలో మనకు మిగిలింది మాటల్లో ఉన్నదే. ‘లడచి’లోని డకారం అందులో భాగం.

ఎదుటి వాదానికి నిజంగా బలం ఉన్న చోటు ఒకటుంది. ‘చేరువ జిత్తములోని శ్రీనివాసుడా’లో జిత్తము ఏమిటి? చిత్తమే. చేరువన్ అనే మాట చివర నకారం ఉండటం వల్ల తర్వాతి చ మెత్తబడి జ అయింది. ‘భావింప గైవసమైన’లో కైవసం గైవసం కావడం, ‘చేవదేర గాచినట్టి’లో కాచిన గాచిన కావడం ఇదే పద్ధతి. పాత అచ్చుల్లో అక్కడ అరసున్న ఉండేది, కారణం కంటికి కనిపించేది. ఇప్పుడు అరసున్న తీసేసి జిత్తమును మాత్రం ఉంచుతున్నాం. పాఠకుడికి ఆధారం లేకుండా పోయింది. ఇక్కడ ‘చిత్తములోని’ అని మార్చినా ప్రాస చెడదు, అర్థమూ చెడదు. అయినా మేము ఉంచాలనే అంటాం. ‘చేరువ చిత్తము’ అంటే రెండు మాటలు విడివిడిగా నిలబడతాయి. ‘చేరువ జిత్తము’ అంటే ఒకదానిలోంచి ఇంకొకటి జారుతుంది, పోయిన నకారం జాడ కూడా దొరుకుతుంది. ఎవరైనా చిత్తము అని పాడితే తప్పు పట్టం. అచ్చులో మాత్రం మార్చవద్దు.

చెవికి వినిపించేది మార్చకూడదు, కంటికి మాత్రమే కనిపించేది మార్చవచ్చు అన్నది మా నిర్ణయం. శకటరేఫను, అంటే బండి ఱను, మామూలు ర చేసినా ఈ రోజు పలుకులో తేడా రాదు. పాడుకునే పుస్తకంలో చేసుకోవచ్చు, పరిశోధకుల ప్రతిలో మాత్రం ఉండాలి. మాటల మధ్య ఖాళీలు పెట్టవచ్చు, పాదాలను విడగొట్టి చూపవచ్చు. అరసున్నను పాడుకునే పుస్తకంలో తీసేయవచ్చు, కాకపోతే దాని పని అడుగున ఒక గమనిక చేయాలి.

అంటే పేజీ ఇలా ఉంటుంది. పైన పాట, ఒక్క మాట మారకుండా. ‘రోగా’ పై పాదం చివర, ‘లడచి’ కింది పాదం మొదట. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో: పొడగను, దర్శించు. ఎడయు, దూరమగు. నిధానము, నిధి. గారవించు, ఆదరించు. జిత్తము, చిత్తము (చేరువన్ తర్వాత). చేవదేర, బలం వచ్చేలా. అడచి, అణచి. బడిబాయక, వెంట వదలక. గడియించు, సంపాదించు. అంతా కలిపి తొమ్మిది మాటలు, మూడు నాలుగు వరుసల చోటు.